‘బ్యాక్ త్రీకి మారారు’ అని తెలుగులో ఎలా రాయాలి?

పెన్నా తీరం: అనంతపురం ఆర్డీటీ మైదానంలో చూసిన ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి రిపోర్టు రాస్తున్నాను. 1-0తో ముందున్న జట్టు 78వ నిమిషంలో బ్యాక్ త్రీకి మారింది. ‘గోల్ కాపాడుకోవడానికి నలుగురు డిఫెండర్ల నుంచి ముగ్గురికి మారారు’ అని రాస్తే, మా బాబాయి చదివి ‘కాపాడుకోవాలంటే పెంచుతారు గానీ తగ్గిస్తారా?’ అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. మరి ఎలా రాయాలి?

కడప గడప: ‘వెనక్కి తగ్గారు’ అనండి, సరిపోతుంది.

గుత్తికోట: సరిపోదండీ. వెనక్కి తగ్గడం వేరు, మనుషుల్ని మార్చి నిలబెట్టడం వేరు. ఎదుటి జట్టు ఆ సమయానికి ఏం చేస్తోంది?

పెన్నా తీరం: పొడుగాటి ఫార్వర్డ్‌ను ఇంకొకరిని దింపి, రెండు పక్కల నుంచీ బంతిని బాక్సులోకి ఎత్తి కొడుతున్నారు అన్నా.

గుత్తికోట: అదీ కారణం. అప్పటిదాకా నడుమ ఉన్న ఇద్దరు సెంటర్ బ్యాక్‌లకు ఒక్కడే ఫార్వర్డ్, కాబట్టి ఒకరు ఖాళీగా ఉండి మిగిలిన బంతులు చూసుకునేవారు. ఇద్దరు వచ్చేసరికి ఇద్దరికీ చేతినిండా పని. మూడో సెంటర్ బ్యాక్‌ను దింపితే మళ్ళీ ఒకరు ఖాళీ అవుతారు. లెక్కలో ‘ముగ్గురు’ అంటే నడుమ నిలబడే ఈ ముగ్గురే. పాత నలుగురిలో రెండు అంచుల్లో ఉన్నవాళ్ళు ఎక్కడికీ పోలేదు, వింగ్ బ్యాక్‌లయ్యారు. మీరు చెప్పిన జట్టు ఎవర్ని బయటికి తీసింది?

పెన్నా తీరం: ఎడమ వింగర్‌ను. కుడి వింగర్ స్ట్రైకర్ పక్కకు వచ్చాడు.

గుత్తికోట: మంచి పని చేశారు. స్ట్రైకర్‌నే తీసేసి ఉంటే, మనవాళ్ళు కొట్టి పంపిన బంతి పట్టి నిలబెట్టే మనిషి తగ్గి, అది వెంటనే తిరిగొచ్చేది.

నల్లమల: అయితే మొత్తం అయిదుగురు కదా! ‘అయిదుగురితో గోడ కట్టారు’ అని రాసేయండి.

గుత్తికోట: లెక్క కుదిరింది, మాట కుదరలేదు. గోడ అంటే ఫ్రీ కిక్‌కు నిలబడే వరుస అనుకుంటారు. పైగా అయిదుగురూ బాక్సులోనే అతుక్కుపోతే అదే ప్రమాదం. 2014 ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్ మీద మెక్సికో మొదటి నుంచీ ఈ పద్ధతిలోనే ఆడింది. 1-0తో ముందుండగా, గోల్ కొట్టిన డోస్ శాంటోస్‌నే గంట దాటాక బయటికి తీశారు. తర్వాత జట్టు అంతకంతకూ లోపలికి జరిగింది. 88వ నిమిషంలో కార్నర్ బంతిని నెదర్లాండ్స్ ఆటగాడు హంటెలార్ తలతో దింపితే, బాక్సు అంచున స్నైడర్ కొట్టాడు. ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ, 2-1, మెక్సికో ఇంటికి. గోల్‌పోస్టు ముందు జనం ఉన్నా, బాక్సు అంచుకు తిరిగొచ్చే బంతికి మనిషి లేకపోతే ఇంతే.

మైదుకూరు మేడ: మా కాలేజీ జట్టులో నన్ను ఇలాగే చివర్లో వింగ్ బ్యాక్‌ను చేశారు. నేను వింగర్‌ని. అప్పటికే కాళ్ళు లాగేస్తున్నాయి. నా వెనకాల ఖాళీ చూసి, అటువైపు నుంచి ఇటు పెద్ద పాస్ కొట్టారు. నేను తిరిగేలోపే క్రాస్ వెళ్ళిపోయింది. ఇది అలసిన వింగర్‌కు అప్పగించే పని కాదు.

గుత్తికోట: అందుకే రెండో మార్పు అక్కడే ఉండాలి. పెన్నా తీరం, మీ మ్యాచ్‌లో?

పెన్నా తీరం: 84లో ఎడమ వింగ్ బ్యాక్‌నీ, ఒక మిడ్‌ఫీల్డర్‌నీ ఒకేసారి మార్చారు. కొత్త మిడ్‌ఫీల్డర్ బాక్సు బయటే కాపు కాశాడు.

గుత్తికోట: ఒకేసారి మార్చడం తెలివి. ఇప్పటి నిబంధనల్లో అయిదుగుర్ని మార్చుకునే వీలున్నా, ఆట ఆపే అవకాశాలు మూడే. విరామంలో చేసినవి లెక్కలోకి రావు. మూడూ వాడేశాక ఎవరికైనా దెబ్బ తగిలితే పదిమందితోనే ఆడాలి. చిన్న టోర్నమెంట్లలో నిబంధన వేరేగా ఉండొచ్చు, కనుక్కోండి.

సిరిధాన్యం: ఆధిక్యం, ఆధిక్యత... రెండిట్లో ఏది సరైన రూపమని కదా చర్చ? నా ఓటు ఆధిక్యానికే.

పెన్నా తీరం: అది ఇంకోసారి మాట్లాడుకుందాం మేడమ్. ఇలా మార్చాను: ‘ఎదుటి జట్టు రెండో ఫార్వర్డ్‌ను దింపడంతో, వింగర్‌ను తప్పించి నడుమ మూడో సెంటర్ బ్యాక్‌ను నిలిపారు.’

నల్లమల: బాగుంది. కానీ బ్యాక్ త్రీ అనే మాటే లేకుండా పోయింది. ఆట తెలిసినవాళ్ళు దానికోసమే వెతుకుతారు.

గుత్తికోట: ముందు ఈ వాక్యం, తర్వాతి వాక్యంలో ‘బ్యాక్ త్రీ’ పెట్టండి.

కడప గడప: నాకైతే ఇప్పటికీ ‘వెనక్కి తగ్గారు’ అన్నదే చప్పున అర్థమవుతోంది.

మైదుకూరు మేడ: తగ్గితే గోల్ పడుతుందనే కదన్నా ఇంతసేపూ చెప్పుకున్నది! అది సరే, వింగ్ బ్యాక్‌ను తెలుగులో ఏమని రాస్తున్నారు?