పోస్ట్‌పెయిడ్ బిల్లులో అదనపు డేటా చార్జీ: మొత్తం కట్టి ఫిర్యాదు రాయాలా, ఆ డబ్బు ఆపి రాయాలా?

కావలి మాస్టారు

నా పోస్ట్‌పెయిడ్ ప్లాన్ 75 జీబీ, బిల్లు నెల 5 నుంచి 4 దాకా. నవంబరు 17న కంపెనీ వాళ్లే ఫోన్ చేసి 100 జీబీ ప్లాన్‌కి మారమంటే సరే అన్నాను. బిల్లులో ‘అదనపు డేటా 22 జీబీ’ అని 440 రూపాయలు, పన్నుతో 519.20 వేశారు. నెల మొత్తం నేను వాడింది 72 జీబీ. ఫిర్యాదు లెటర్ రాసుకున్నాను, అందులో మోసం, మానసిక వేదన, యాభై వేలు పరిహారం అని కూడా పెట్టాను. గడువు ఇంకా ఆరు రోజులే ఉంది. ఈ 519 కట్టాలా, ఆపాలా?

ట్రంక్‌రోడ్ నెల్లూరు

కట్టొద్దన్నా. ఒకసారి కట్టామంటే తప్పు ఒప్పుకున్నట్టే. డబ్బు వాళ్ల చేతికి పోయాక మన లెటర్ ఎవరు చదువుతారు? ఇంకో మాట, నేరుగా ట్రాయ్‌కి రాసేయండి, వాళ్లే కంపెనీ మీద చర్య తీసుకుంటారు.

చీమకుర్తి లారీ ఆఫీసు

నేను అట్లా ఆపి చూసినవాణ్ణే, అందుకని చెప్తున్నా. మూడొందల చిల్లర మీద గొడవపడి కట్టలేదు, రెండో నెల లేటు ఫీజు వేశారు, ఆ తర్వాత అవుట్‌గోయింగ్ ఆపేశారు. గ్రానైట్ లోడ్‌తో బండ్లు కృష్ణపట్నం దారిలో ఉంటే డ్రైవర్లకి ఫోన్ చేయడానికి లేక ఒక సాయంత్రమంతా నరకం చూశాను. కోపంలో వేరే కంపెనీకి పోర్ట్ పెడితే, బిల్లు బాకీ ఉందని రిజెక్ట్ చేశారు. ఆ నంబరుకే బ్యాంకు, ఆధార్, జీఎస్టీ అన్నీ ముడిపడి ఉన్నాయి. చివరికి మొత్తం కట్టాను. ముందు కట్టేసి, తర్వాత అడగండి.

బుచ్చి బిల్లులు

కట్టాలా వద్దా అనేది తర్వాత చూద్దాం, ముందు ఆ 22 జీబీ ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా లెటర్ రాస్తే అది తిట్ల కాగితం అవుతుంది. నేను పదేళ్లు ఒక ఆపరేటర్ బిల్లింగ్ విభాగంలో పనిచేశాను. మాస్టారూ, బిల్లు రెండో పేజీలో నెల అద్దె రెండు ముక్కలుగా ఉందా, పాత ప్లాన్‌కి కొన్ని రోజులు, కొత్త ప్లాన్‌కి కొన్ని రోజులు అని? నవంబరు 16 రాత్రికి మీరు ఎంత వాడి ఉంటారు?

కావలి మాస్టారు

అవును సార్, రెండు ముక్కలుగానే ఉంది, 12 రోజులు ఒకటి, 18 రోజులు ఒకటి. యాప్‌లో చూస్తే 16 నాటికి 52 జీబీ. వానలకి మా వీధిలో ఫైబర్ వైరు తెగి పది రోజులు ఎవరూ రాలేదు, పిలకాయల క్లాసులు, టీవీ అన్నీ నా ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడిచాయి. తర్వాత వైరు వేశాక వాడకం తగ్గింది, మిగతా 18 రోజుల్లో 20 జీబీ.

బుచ్చి బిల్లులు

అయితే లెక్క దొరికింది. నెల మధ్యలో ప్లాన్ మారిస్తే సిస్టమ్ అద్దెనే కాదు, డేటా కోటాని కూడా రోజుల లెక్కన కోస్తుంది. మీ బిల్లు నెల 30 రోజులు. పాత ప్లాన్‌లో మీరు ఉన్నది 12 రోజులు కాబట్టి 75లో మీకు దక్కింది 30 జీబీ. మీరు అప్పటికే 52 వాడారు, తేడా 22, జీబీకి 20 రూపాయల చొప్పున 440, పద్దెనిమిది శాతం జీఎస్టీ 79.20. సరిగ్గా 519.20. అంటే మిషను తప్పు కొట్టలేదు, ఎవరూ మీ డేటా దొంగిలించలేదు. అందుకే ‘నేను వాడలేదు’ అని రాస్తే మొదటి జవాబులోనే ఓడిపోతారు, వాడకం రికార్డు తీసి చూపిస్తారు.

మీ బలం వేరే చోట ఉంది. కొత్త ప్లాన్ 18 రోజులకి మీకు 60 జీబీ వచ్చింది, అందులో 20 వాడారు. రెండు ముక్కలూ కలిపితే మీకు ఇచ్చింది 90, మీరు వాడింది 72. ఒక డబ్బాలో 40 జీబీ మిగిలిపోయి ఉండగా ఇంకో డబ్బాలో 22 ఎక్కువైందని డబ్బు తీసుకున్నారు. అసలు ప్లాన్ మారకుండా ఉండి ఉంటే 75 లోపలే ఉండేవాళ్లు, ఒక్క రూపాయి అదనం పడేది కాదు.

ఇంకొకటి చూడండి. కోటాలో సగం, తొంభై శాతం, పూర్తిగా వాడినప్పుడు కంపెనీ మెసేజ్ పంపాలని ట్రాయ్ నియమం ఉంది. నవంబరు 13, 14 ప్రాంతంలో ‘50 శాతం వాడారు’ అని మెసేజ్ ఏదైనా ఉందేమో ఫోన్‌లో వెతకండి.

కావలి మాస్టారు

ఉంది సార్! 13వ తేదీ రాత్రి. ‘మీ 75 జీబీ కోటాలో 50 శాతం వాడారు’ అని. ఆ తర్వాత ఏ మెసేజూ లేదు.

బుచ్చి బిల్లులు

దాని స్క్రీన్‌షాట్ తీసి జాగ్రత్త చేయండి, మీ లెటర్‌కి అదే ప్రాణం. 13 రాత్రికి మీరు 37.5 జీబీ వాడారు, ఇంకా సగం మిగిలి ఉందని కంపెనీయే రాతపూర్వకంగా చెప్పింది. నాలుగు రోజుల తర్వాత, ఆ రోజుకే మీరు కోటా దాటిపోయారని వెనక్కి వెళ్లి లెక్క కట్టింది. ప్లాన్ మార్చమని ఫోన్ చేసిన మనిషి ఈ సంగతి చెప్పాడా? చెప్పలేదంటే మీరు ఇచ్చిన ఒప్పుకోలు ప్లాన్ మార్పుకి మాత్రమే.

మోసం, యాభై వేలు తీసేయండి. ఇట్లా రాయండి:

‘నా నంబరు బిల్లులో అదనపు డేటా కింద వేసిన రూ. 519.20 మీద అభ్యంతరం తెలుపుతున్నాను. మిగతా బిల్లుపై అభ్యంతరం లేదు. నవంబరు 17న మీ ప్రతినిధి ఫోన్ చేసి ప్లాన్ మార్చారు. అప్పటికి వాడిన డేటాకు కోటా రోజుల లెక్కన తగ్గుతుందని, దాని మీద చార్జీ పడుతుందని చెప్పలేదు. నవంబరు 13న మీరు పంపిన మెసేజ్‌లో నా కోటా 75 జీబీ అని, అందులో సగమే వాడానని ఉంది. ఈ బిల్లు నెలలో రెండు ప్లాన్ల కింద మీరు ఇచ్చిన 90 జీబీలో నేను వాడింది 72. కాబట్టి ఈ చార్జీ రద్దు చేసి వచ్చే బిల్లులో జమ చేయగలరు. రద్దు చేయకపోతే రోజువారీ డేటా వివరాలు, 17వ తేదీ కాల్ రికార్డింగ్, కోటా కోత గురించి నాకు తెలియజేసిన మెసేజ్ కాపీ పంపగలరు.’

అంతే. బిల్లు, మెసేజ్ స్క్రీన్‌షాట్, యాప్‌లో రోజువారీ వాడకం పేజీ జతపరచండి. ముందు 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, డాకెట్ నంబరు మెసేజ్‌లో వచ్చాక దాన్ని లెటర్ పైన రాసి మెయిల్ పెట్టండి. ఆ నంబరు లేకుండా పంపిన లెటర్ ఎంత బాగున్నా లోపల ఎవరి లెక్కలోకీ రాదు.

ట్రంక్‌రోడ్ తమ్ముడూ, ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు తేల్చదు. నియమాలు పెడుతుంది గానీ, మన ఫిర్యాదు వెళ్లాల్సింది కంపెనీ ఫిర్యాదుల కేంద్రానికి, అక్కడ కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి.

ఆత్మకూరు అమ్మాయి

నాకూ ఇట్లాగే 99 రూపాయలు పోతోంది అక్కడ, ఏదో గేమ్ సబ్‌స్క్రిప్షన్ అంట, మా తమ్ముడు ఎక్కడో నొక్కాడు. నేను కూడా కోటా అని రాయాలా?

బుచ్చి బిల్లులు

లేదమ్మా, నీది వేరే జాతి. అది డేటా కాదు, అదనపు సేవ. ముందు 155223కి ఫోన్ చేసి ఆపించు. ఆ సేవ మొదలుపెట్టే ముందు నీ నంబరు నుంచి రెండోసారి ఒప్పుకోలు తీసుకోవాలి, ఆ రుజువు చూపించమని అడుగు.

ఒంగోలు గుమాస్తా

నేను కోర్టు దగ్గరే పనిచేస్తాను. వీళ్లు ఒప్పుకోకపోతే వినియోగదారుల కోర్టుకి పోదాం అనుకోవద్దు, ఫోన్ బిల్లుల కేసులు అక్కడ తీసుకోరు, టెలిగ్రాఫ్ చట్టం కింద ఆర్బిట్రేషనే. సుప్రీంకోర్టు చెప్పింది.

బుచ్చి బిల్లులు

మీరన్నది 2009 తీర్పు, అప్పట్లో దాని పేరు చెప్పి చాలా కేసులు తిప్పి పంపారు, నిజమే. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే ఆ దారి మార్చింది. నెలకి అయిదొందల పైచిలుకు బిల్లు వచ్చే ఒక పోస్ట్‌పెయిడ్ నంబరుకి ఒక నెల ఇరవై నాలుగు వేలు దాటి బిల్లు వేస్తే, ఆయన అహ్మదాబాద్‌లో వినియోగదారుల ఫోరానికి వెళ్లాడు. కంపెనీ మీరు చెప్పిన వాదనే చేసింది, ఓడిపోయింది. అయిదు లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. కాకపోతే 519 కోసం వాయిదాలకి తిరగడం మాస్టారి ఇష్టం.

చీమకుర్తి లారీ ఆఫీసు

అంతా బాగుంది గానీ అసలు ప్రశ్నకి జవాబు చెప్పండి సార్. కట్టాలా, ఆపాలా?

బుచ్చి బిల్లులు

నేనైతే ఆ 519.20 తీసేసి మిగతాది గడువు లోపల కడతాను, ఎంత కట్టానో, ఏది ఎందుకు ఆపానో అదే మెయిల్‌లో రాస్తాను, ఫిర్యాదు తేలేదాకా ఆ మొత్తాన్ని వివాదంలో ఉన్నట్టు పెట్టమని అడుగుతాను. లోపల అట్లా పెట్టే వీలుంది. అడగకపోతే సిస్టమ్ దాన్ని మామూలు బాకీగానే చూస్తుంది, మీకు జరిగింది అదే.

చీమకుర్తి లారీ ఆఫీసు

నేనూ అడిగాను సార్, ‘సరే’ అన్నారు, అయినా కట్ అయింది. 198లో మాట్లాడే పిల్లవాడు సరే అంటే సిస్టమ్ సరే అన్నట్టు కాదు. బడిపంతులికి ఒక రోజు ఫోన్ లేకపోతే గడుస్తుందేమో, నాకు గడవదు. మాస్టారూ, ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని మెయిల్‌లో రాసి కట్టేయండి, తిరిగి అడిగే హక్కు ఎక్కడికీ పోదు.

బుచ్చి బిల్లులు

హక్కు పోదు, ఒప్పుకుంటాను. తొందర మాత్రం పోతుంది, వాళ్లకి. అందుకే కట్టేవాళ్లు ఆ రాత తప్పకుండా పెట్టాలి.

కావలి మాస్టారు

అయిదు వారాల తర్వాత వస్తున్నాను. లారీ అన్న మాటే విని అభ్యంతరంతో మొత్తం కట్టాను, మా అమ్మ ఆసుపత్రి ఫోన్లు ఈ నంబరుకే వస్తాయి, టెన్షన్ పెట్టుకోలేకపోయాను. లెటర్ సార్ రాసినట్టే పంపాను. మొదటి జవాబు నాలుగో రోజే వచ్చింది, ‘బిల్లు సరైనదే, ఫిర్యాదు ముగించాం’ అని రెండు లైన్లు. కాల్ రికార్డింగ్ ఊసే లేదు. మళ్లీ రాసి, 13వ తేదీ మెసేజ్ గురించి జవాబు ఇవ్వలేదని చెప్పాను. నిన్న ఒకావిడ ఫోన్ చేసి, కంపెనీ తప్పు లేకపోయినా సద్భావంగా 260 రూపాయలు జమ చేస్తాం, సరేనా అన్నారు. రేపు చెప్తానన్నాను.

బుచ్చి బిల్లులు

ఏది చెప్పినా ముందు అది మెయిల్‌లో పంపమనండి. ‘పూర్తి పరిష్కారంగా’ అనే మాట ఉంటే, మిగతా సగం అక్కడితో పోయినట్టే. వద్దనుకుంటే ఆ ‘ముగించాం’ జవాబు వచ్చిన 30 రోజుల్లోగా అప్పీలు వేయాలి, మీకు ఇప్పటికే చాలా రోజులు అయిపోయాయి, తేదీ చూసుకోండి. అప్పీలుకి ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. కొత్తగా ఏమీ రాయనక్కర్లేదు, అదే లెటర్, అదే స్క్రీన్‌షాట్, దానికి వాళ్లు జవాబు ఇవ్వలేదన్న ఒక్క వాక్యం.

ట్రంక్‌రోడ్ నెల్లూరు

260 తీసుకోవద్దన్నా. సగం ఇస్తున్నారంటేనే తప్పు తెలిసిందని అర్థం.

చీమకుర్తి లారీ ఆఫీసు

తీసుకోండి మాస్టారూ. నాకు అదీ రాలేదు.

కావలి మాస్టారు

జవాబు తేదీ చూశాను, ఇంకా మూడు రోజులు ఉంది. ఈ రాత్రికి అప్పీలు రాసి పెట్టుకుంటాను. పొద్దున ఆవిడ మెయిల్‌లో ఏం రాస్తారో చూసి పంపాలా వద్దా అనుకుంటాను.