తెల్లారేదాకా నిద్రకు ఎస్‌జోపిక్లోనా, జోల్పిడెమా? పొద్దున ఈ చేదేంది?

పాలబండి, హనుమకొండ
జోల్పిడెం 10 వేసుకుంటే పది నిమిషాల్లో నిద్ర పట్టేది, కానీ రెండింటికి మెలకువ వచ్చేది. డాక్టర్ ఎస్‌జోపిక్లోన్ 2కి మార్చిండు. ఇప్పుడు అయిదు దాకా పడుకుంటున్నా. అయితే పొద్దున చాయ్ తాగితే తుప్పు పట్టిన మేకు నాకినట్టుంది. మొన్న పరకాల పోతూ ఆత్మకూరు దగ్గర రోజూ పాలు దించే దుకాణం దాటిపోయి, రెండు కిలోమీటర్ల తర్వాత గుర్తొచ్చింది. పాత గోలీకే పోవాల్నా?

రిటైర్డ్ మాస్టారు
జోల్పిడెం నిద్ర పట్టడానికి మాత్రమే. మధ్యలో లేచేవాళ్లకు ఎస్‌జోపిక్లోనే. చేదు అంటారా, గోలీ నాలుక మీద కరగడం వల్ల. గ్లాసెడు నీళ్లతో గబుక్కున మింగండి, తర్వాత ఒక లవంగం.

గిర్మాజీపేట అక్క
పొద్దున నోరు చేదంటే పిత్తం తమ్ముడూ. మా ఆయనకూ ఇట్లనే ఉండేది. రాత్రి పెరుగన్నం తిను, నిద్రగోలీలతో పనిలేదు.

మందుల షాపు, ఎంజీఎం దగ్గర
అక్కా, ఇది పిత్తం కాదు. మాస్టారూ, మింగేటప్పుడు తగిలే చేదైతే రాత్రే పోవాలి కదా, పొద్దున చాయ్ దాకా ఎందుకుంటుంది? మందు రక్తంలోంచి లాలాజలంలోకి ఊరుతుంది. అందుకే ఎంత పళ్లు తోమినా, లవంగం నమిలినా కాసేపే. ట్రయల్స్‌లో 2 మి.గ్రా. వేసుకున్నవాళ్లలో 17 శాతం, 3 వేసుకున్నవాళ్లలో 34 శాతం మంది ఈ రుచి గురించి చెప్పారు. డోసు పెరిగితే చేదూ పెరుగుతుంది.

ఇక అసలు సంగతి. జోల్పిడెం సగం తగ్గడానికి దాదాపు రెండున్నర గంటలు పడుతుంది, ఎస్‌జోపిక్లోన్‌కు దాదాపు ఆరు. పాలబండి అన్న పదకొండుకు వేసుకుంటాడనుకుందాం. అయిదింటికి జోల్పిడెమైతే అయిదో వంతు కూడా మిగలదు, ఇదైతే సగం అట్లనే ఉంటుంది. అయిదింటిదాకా పడుకోబెట్టేదీ అదే, ఆత్మకూరులో దుకాణం దాటించిందీ అదే. ఒకటి కావాలి, రెండోది వద్దంటే కుదరదు. 2014లో అమెరికా ఎఫ్‌డీఏ మొదలుపెట్టే డోసును 1 మి.గ్రా.కు తగ్గించింది ఇందుకే. 3 మి.గ్రా. వేసుకున్నవాళ్లకు పదకొండు గంటలు దాటినా డ్రైవింగ్ సామర్థ్యం, జ్ఞాపకం సరిగ్గా లేవు. పైగా చాలామందికి తాము మత్తులో ఉన్నామనే తెలియలేదు.

రిటైర్డ్ మాస్టారు
అంటే మధ్యలో మెలకువకు ఎస్‌జోపిక్లోనే మేలన్న నా మాట నిజమేగా?

మందుల షాపు, ఎంజీఎం దగ్గర
సగం నిజం సార్. లెక్క ప్రకారం అది ఎక్కువసేపు ఉంటుంది. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అంత పెద్ద తేడా కనపడలేదు. జోల్పిడెంలోనూ మెల్లగా విడుదలయ్యే గోలీ ఉంది, అది మధ్యలో మెలకువకే ఇస్తారు. దానికీ పొద్దున మత్తు ఉంటుంది, అది వేరే గొడవ.

అన్నా, ఒక ప్రశ్న. చేదు మొదటి రోజు నుంచే ఇంత ఉందా, ఈమధ్య పెరిగిందా? కొత్తగా ఇంకేమైనా మందు వాడుతున్నావా?

పాలబండి, హనుమకొండ
మొదట్ల కొంచెమే ఉండె. పది రోజుల నుంచి ఎక్కువైంది. తొడల మీద తామరకు వేరే డాక్టర్ ఇట్రాకోనజోల్ క్యాప్సూల్ ఇచ్చిండు, రోజుకు రెండు. నిద్రగోలీ సంగతి ఆయనకు చెప్పలేదు, ఆయన అడగలేదు.

మందుల షాపు, ఎంజీఎం దగ్గర
దొరికింది. నిద్రగోలీని కాలేయంలో కరిగించే దారినే ఆ క్యాప్సూల్ అడ్డుకుంటుంది. అదే జాతి కీటోకోనజోల్‌తో కలిపి చూస్తే ఒంట్లో ఎస్‌జోపిక్లోన్ రెండింతలకు పైగా పెరిగింది. నువ్వు మింగేది 2, ఒంటికి అందేది దాదాపు 4 లాగా. క్యాప్సూల్ ఆపినా దాని ప్రభావం వారం, రెండు వారాలు ఉంటుంది. రెండు చీటీలూ తీసుకెళ్లి నిద్ర మందు రాసిన డాక్టర్‌కు చూపించు. నీ అంతట నువ్వు ఆపకు, పాత గోలీకి మారకు. అప్పటిదాకా బండి ఇంకెవరికైనా ఇవ్వు.

గిర్మాజీపేట అక్క
మరి చేదు పోతే మత్తు పోయినట్టేనా? గుర్తుగా పెట్టుకోవచ్చేమో.

మందుల షాపు, ఎంజీఎం దగ్గర
నేనూ మొదట్లో అట్లనే అనుకున్న అక్కా. చేదు బాగా ఉంటే మందు ఇంకా ఉన్నట్టే. కానీ చేదు అసలు తెలియనివాళ్లున్నారు, వాళ్లకూ మత్తు ఉంటుంది. నాలుకను నమ్మి స్టీరింగ్ పట్టొద్దు.

పాలబండి, హనుమకొండ (మూడు వారాల తర్వాత)
డాక్టర్ 1కి తగ్గించిండు. తామర క్యాప్సూల్ కోర్సు అయిపోయింది. చాయ్ ఇప్పుడు చాయ్ లాగుంది. కానీ మూడున్నరకు మళ్లీ లేస్తున్నా. బండి ఇంకా బామ్మర్దే నడుపుతున్నడు, పెట్రోల్ లెక్క మాత్రం సరిగ్గా చెప్తలేడు.

రిటైర్డ్ మాస్టారు
చూశారా, 1 చాలదు. 2కి పోవాల్సిందే.

మందుల షాపు, ఎంజీఎం దగ్గర
సార్, అయిదింటికి బండెక్కే మనిషి ఆయన.