పీసీలో డ్యుయల్‌సెన్స్: ట్రిగ్గర్లు బిగుసుకోవట్లేదు, వైబ్రేషన్ మొద్దుగా వస్తోంది. ఎక్కడ చూడాలి?

విశాఖ_వీర
నా దగ్గర పీఎస్5 లేదు, కంట్రోలర్ మాత్రం కొన్నాను. స్టీమ్‌లో స్పైడర్-మ్యాన్ రీమాస్టర్డ్ ఆడుతున్నా. విండోస్ 11, బ్లూటూత్‌లో కలిపాను. బటన్లన్నీ పని చేస్తున్నాయి. కానీ మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో పీఎస్5 మీద ఇదే ఆట ఆడినప్పుడు వల విసిరి ఊగేటప్పుడు R2 వేలికి అడ్డం పడేది. ఇక్కడ అదేమీ లేదు, బొత్తిగా వదులుగా లోపలికి దిగిపోతోంది. వైబ్రేషన్ అయితే సైలెంట్‌లో పెట్టిన ఫోన్ బల్ల మీద మోగినట్టు ఒకటే బర్ర్. ఆట సెట్టింగుల్లో రెండూ ఆన్‌లోనే ఉన్నాయి. కంట్రోలర్‌లో లోపమా? వాపసు ఇవ్వడానికి ఇంకా నాలుగు రోజులే టైముంది, అందుకే టెన్షన్.

కేబుల్_బాబాయ్
బ్లూటూత్‌లో ఏదీ రాదు బాబూ. వైరు పెట్టు, అయిపోతుంది. నేనూ వారం తల పట్టుకున్నాక తెలుసుకున్న సంగతి ఇది.

ఎక్స్‌బాక్స్_రాజు
నాకూ ఇదే సమస్య. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ ట్రిగ్గర్లలో వైబ్రేషన్ రావాలట కదా, కార్ల ఆటల్లో బ్రేక్ నొక్కితే వేలికి తెలియాలట. నాకు ఒక్క ఆటలో కూడా రాలేదు. వైరు పెట్టినా అంతే.

పాత_జాయ్‌స్టిక్
రాజు గారూ, మీది వేరే సంగతి. ఎక్స్‌బాక్స్ ట్రిగ్గర్లు వణుకుతాయి, అంతే. అవి బిగుసుకోవు, లోపల ఆ యంత్రమే లేదు. ఆ వణుకు కూడా అన్ని పీసీ ఆటల్లో రాదు. చాలా ఆటలు కంట్రోలర్‌తో మాట్లాడే పాత పద్ధతి ఎక్స్‌ఇన్‌పుట్. అందులో పిడుల్లోని రెండు మోటార్లకే చోటుంది, ట్రిగ్గర్ మోటార్ల ఊసే లేదు. మీ ఆట కొత్త పద్ధతిలో రాసి ఉంటేనే వస్తుంది. వైరుకీ దానికీ సంబంధం లేదు.

వీరా, కంట్రోలర్ వాపసు ఇవ్వకు, తొందరపడకు. బాబాయ్ చెప్పింది సగం నిజం. నువ్వు ఒకటే అనుకుంటున్నవి నిజానికి రెండు వేర్వేరు దారులు.

ట్రిగ్గర్ బిగువుకి ఆట నుంచి కంట్రోలర్‌కి వెళ్ళేది ఒక చిన్న ఆదేశం, "ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఇంత గట్టిగా ఉండు" అని. అది బ్లూటూత్‌లో కూడా వెళ్ళగలదు. అయితే పీసీ ఆటల్లో చాలావాటికి ఆ పని వైరు మీదే పెట్టారు. డ్యుయల్‌సెన్స్‌లో హాప్టిక్స్ అనే వైబ్రేషన్ అలా కాదు. పిడుల్లో ఉన్నవి స్పీకర్‌లో ఉండే కాయిల్ లాంటివి. ఆట వాటికి పంపేది నిజంగా ఒక శబ్దమే. యూఎస్‌బీ పెట్టగానే విండోస్‌కి ఈ కంట్రోలర్ నాలుగు ఛానెళ్ల సౌండ్ కార్డులా కనిపిస్తుంది. మొదటి రెండూ కంట్రోలర్ స్పీకరుకీ హెడ్‌ఫోన్ జాక్‌కీ, చివరి రెండూ ఎడమ, కుడి పిడులకీ. బ్లూటూత్‌లో విండోస్‌కి ఆ సౌండ్ కార్డు కనిపించదు. పంపడానికి చోటు లేక ఆట పాతకాలం బర్ర్‌తో సరిపెడుతుంది. నీకు వస్తున్నది అదే.

పీఎస్5 మీద ఈ గొడవ లేదు, వైర్‌లెస్‌లోనూ రెండూ వస్తాయి. మీ పెద్దమ్మ కొడుకు ఇంట్లో అందుకే తేడా తెలిసింది.

విశాఖ_వీర
వైరు పెట్టాను అన్నా. ఛార్జింగ్ లైట్ వెలిగింది కానీ ఏమీ మారలేదు.

లావణ్య_జి
ఏ వైరు? పవర్ బ్యాంకుతో వచ్చినదైతే లోపల డేటా తీగలు ఉండకపోవచ్చు, ఛార్జింగ్ మాత్రమే అవుతుంది. తేల్చుకోవడం తేలికే. విండోస్‌లో బ్లూటూత్ పూర్తిగా ఆపేసి వైరు పెట్టండి. అప్పటికీ కంట్రోలర్ పని చేస్తే డేటా వెళ్తున్నట్టు. బ్లూటూత్ ఆన్‌లో ఉంచి వైరు పెడితే మనకి తెలియకుండా పాత దారినే ఆడుతూ ఉంటాం.

విశాఖ_వీర
మీరు అన్నట్టే! బ్లూటూత్ ఆపగానే కంట్రోలర్ చచ్చిపోయింది. బజారులో తక్కువకి వస్తోందని కొన్న వైరు అది. మా చెల్లి ఫోన్ నుంచి డేటా వైరు తెచ్చి పెట్టా. ఇప్పుడు కంట్రోలర్ కనిపిస్తోంది. కానీ R2 ఇంకా వదులుగానే ఉంది.

పాత_జాయ్‌స్టిక్
ఆటలో తెర మీద బటన్ గుర్తులు ఎలా కనిపిస్తున్నాయి? శిలువ, వలయం, చతురస్రం, త్రిభుజమా, లేక A, B, X, Y నా?

విశాఖ_వీర
A, B, X, Y. మొదటి రోజు నుంచీ అంతే. పీసీ కదా, అలాగే ఉంటుందనుకున్నా.

పాత_జాయ్‌స్టిక్
అదుగో దొరికింది. స్టీమ్ మధ్యలో కూర్చుని నీ కంట్రోలర్‌ని ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌గా మార్చి ఆటకి చూపిస్తోంది. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కి బిగుసుకునే ట్రిగ్గర్లు లేవు కాబట్టి ఆట ఆ ఆదేశమే పంపదు. లైబ్రరీలో ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి Properties, అందులో Controller కి వెళ్ళు. అక్కడున్న జాబితాలో `Disable Steam Input` ఎంచుకో. ఆటని పూర్తిగా మూసి మళ్ళీ తెరువు. నడుస్తుండగా మారిస్తే కొన్నిసార్లు పట్టించుకోదు.

ఇంకోటి, DS4Windows లాంటిది ఏదైనా వేశావా? అది కూడా ఇదే పని చేస్తుంది. అది వెనకాల నడుస్తుంటే స్టీమ్‌లో ఏం మార్చినా లాభం లేదు.

కేబుల్_బాబాయ్
నేను స్టీమ్ ఇన్‌పుట్ ఆపలేదు, అయినా నాకు ఒక ఆటలో ట్రిగ్గర్లు బిగుసుకుంటున్నాయి. కాబట్టి అది ఆపాల్సిన అవసరం లేదు.

పాత_జాయ్‌స్టిక్
అదీ జరుగుతుంది. స్టీమ్ తన సొంత పద్ధతిలో ట్రిగ్గర్ ఆదేశాలు పంపే వీలు ఆటలు రాసేవాళ్ళకి ఇచ్చింది. దాన్ని వాడుకున్న ఆటల్లో స్టీమ్ ఇన్‌పుట్ ఆన్‌లో ఉన్నా వస్తుంది. మీ ఆట అలాంటిదై ఉంటుంది. ఏ ఆట ఏ పద్ధతో బయటి నుంచి చూసి చెప్పలేం, రెండు రకాలుగానూ ఆడి చూడాల్సిందే. కొనే ముందైతే PCGamingWiki లో ఆట పేజీ చూస్తా. అడాప్టివ్ ట్రిగ్గర్లు, అంటే ఈ బిగుసుకునేవి, ఉన్నాయా, హాప్టిక్స్ ఉందా, వైరా వైర్‌లెస్సా, ఇవి వేర్వేరు వరుసల్లో రాసి ఉంటాయి. మొదటిది ఉండి రెండోది లేని ఆటలూ ఉన్నాయి. ఏదీ లేని ఆట అయితే పొద్దున్నుంచి రాత్రి దాకా సెట్టింగులు తిప్పినా వచ్చేది లేదు.

ఖమ్మం_కంట్రోలర్
మధ్యలో వస్తున్నా, క్షమించండి. నాది అసలు పీఎస్5. ఆస్ట్రోస్ ప్లేరూమ్‌లో ట్రిగ్గర్లు సూపర్, ఘోస్ట్ ఆఫ్ సుషిమాలో విల్లు లాగితే ఏమీ తెలియట్లేదు. సెట్టింగుల్లో Trigger Effect Intensity కూడా Strong లోనే ఉంది. సెకండ్‌హ్యాండ్ డిస్క్. డిస్క్‌లో సమస్యా?

లావణ్య_జి
డిస్క్ మీద పీఎస్4 అని ఉందా? 2020లో వచ్చిన ఆటైతే పీఎస్4దే. 2021లో వచ్చిన డైరెక్టర్స్ కట్‌కే పీఎస్5 రూపం ఉంది. పీఎస్4 ఆట పీఎస్5లో చక్కగా నడుస్తుంది, కానీ దాని దృష్టిలో మీ చేతిలో ఉన్నది బిగుసుకునే ట్రిగ్గర్లు లేని పీఎస్4 కంట్రోలర్ డ్యుయల్‌షాక్ 4 లాంటిదే. ఆస్ట్రోలో బాగుందంటే కంట్రోలర్‌కి ఏ రోగమూ లేనట్టే. హోమ్ స్క్రీన్ మీద ఆట పేరు పక్కన PS4 అని ఉందేమో చూడండి.

ఖమ్మం_కంట్రోలర్
ఉంది 🤦 రెండు నెలలుగా ఆ అక్షరాలు నా కళ్ళ ముందే ఉన్నాయి.

విశాఖ_వీర
స్టీమ్ ఇన్‌పుట్ ఆపాను. శిలువ, వలయం వచ్చాయి, R2 బిగుసుకుంది! మొదటిసారి ఊగినప్పుడు ఉలిక్కిపడ్డా. కానీ ఇప్పుడు వైబ్రేషన్ పూర్తిగా పోయింది. ఇంతకుముందు కనీసం బర్ర్ ఉండేది, ఇప్పుడు అదీ లేదు. ఒకటి వస్తే ఇంకొకటి పోతోందేంటి?

పాత_జాయ్‌స్టిక్
ట్రిగ్గర్ దారి తెరుచుకుంది, శబ్దం దారి మూసుకుని ఉంది. ఆట ఇప్పుడు సౌండ్ కార్డు దారిన పంపుతోంది, అవతల తీసుకునేవాళ్ళు లేరు. Win+R నొక్కి ఇది కొట్టు:

```
mmsys.cpl
```

Playback జాబితాలో Wireless Controller అన్న పేరుతో స్పీకర్ ఉందా?

విశాఖ_వీర
లేదు.

లావణ్య_జి
ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి `Show Disabled Devices` టిక్ పెట్టండి. వైరు పెట్టిన ప్రతిసారీ ఆట శబ్దమంతా కంట్రోలర్ బుల్లి స్పీకర్‌లోకి వెళ్ళిపోతోందని ఎప్పుడైనా దాన్ని ఆపేశారా? నేను ఆపేశాను, అందుకే అడుగుతున్నా. ఆరు నెలల తర్వాత నేనే మర్చిపోయి, కంట్రోలర్ పాడైందనుకుని రిపేరుకి తీసుకెళ్ళబోయాను.

విశాఖ_వీర
బూడిద రంగులో కనిపించింది! నేను ఆపలేదు. ఈ పీసీ మా అన్నయ్యది, అతని దగ్గర పాత కంట్రోలర్ ఉండేది, ఎప్పుడో ఆపి ఉంటాడు. Enable చేస్తున్నా.

పాత_జాయ్‌స్టిక్
చేశాక ఆట తెరవకముందే ఒక పరీక్ష పెట్టు. ఆ స్పీకర్ ఎంచుకుని Configure నొక్కు, Quadraphonic ఎంచుకో, Test కొట్టు. ముందు స్పీకర్లకి కంట్రోలర్‌లోంచి శబ్దం రావచ్చు. వెనక రెండింటికి పిడులు వణకాలి, ఎడమదానికి ఎడమ, కుడిదానికి కుడి. అవి వణికితే కంట్రోలర్ బాగున్నట్టే, ఇంకేమైనా తేడా ఉంటే ఆటలోనే ఉన్నట్టు. దీన్ని డీఫాల్ట్ స్పీకర్‌గా మాత్రం పెట్టకు. నీ హెడ్‌ఫోనే డీఫాల్ట్‌గా ఉండాలి, ఇది ఊరికే ఎనేబుల్ అయి ఉంటే చాలు.

ఎక్స్‌బాక్స్_రాజు
అంటే నేను కూడా డ్యుయల్‌సెన్స్ కొంటే సరిపోతుందా?

పాత_జాయ్‌స్టిక్
మీరు ఆడే ఆటల పేర్లు ముందు ఆ వికీలో చూసుకోండి రాజు గారూ. మీ ఆటల్లో అది లేకపోతే కొత్త కంట్రోలర్ కూడా ఇలాగే ఉంటుంది.

కేబుల్_బాబాయ్
నాది ఒక అనుమానం. ఆ స్పీకర్ వాల్యూమ్ తగ్గిస్తే నా కంట్రోలర్‌లో వణుకు కూడా తగ్గినట్టు అనిపించింది. వందలో పెడితే బాగుంది. మా అబ్బాయి మాత్రం ఏ తేడా లేదంటాడు.

లావణ్య_జి
శబ్దం దారిలోనే వెళ్తుంది కాబట్టి మీ మాట నమ్మదగ్గదే బాబాయ్. కానీ నా దగ్గర ఎప్పుడూ వందలోనే ఉంటుంది, తగ్గించి చూడలేదు.

నెల్లూరు_నైట్స్
నా కంట్రోలర్‌లో L2 బాగానే బిగుసుకుంటుంది, R2 మాత్రం రెండు చోట్లా, పీసీ, పీఎస్5 ఏదైనా, ఎప్పుడూ వదులే. వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి రీసెట్ చేశా, కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా చేశా. అదే కథ.

పాత_జాయ్‌స్టిక్
ఆస్ట్రోలో కూడా ఒక వైపే రాకపోతే సెట్టింగుల సంగతి కాదు. సెట్టింగు ఏదైనా రెండు ట్రిగ్గర్లనీ కలిపే ఆపుతుంది. ఆట ఎడమదాన్ని ఒకలా, కుడిదాన్ని ఇంకోలా బిగించవచ్చు గానీ, అన్ని ఆటల్లోనూ ఒకటే వదులుగా ఉంటే లోపల ఏదో విరిగి ఉంటుంది. నొక్కి వదిలితే పూర్తిగా వెనక్కి వస్తోందా? రాకపోతే స్ప్రింగు. వస్తున్నా బిగువు లేదంటే లోపలి మోటారో పళ్ల చక్రమో. వారంటీ ఉంటే విప్పకండి.

నెల్లూరు_నైట్స్
వస్తోంది. వారంటీ పోయిన నెలతో అయిపోయింది. ఆదివారం విప్పి చూస్తా, ఫోటోలు పెడతా.

విశాఖ_వీర
వెనక స్పీకర్ టెస్ట్ కొట్టగానే పిడి వణికింది. ఆటలో ఇప్పుడు రైలు పక్క నుంచి పోతే ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి పాకుతోంది, పాత బర్ర్ కానే కాదు. వాపసు ఆలోచన మానేశా. చెల్లి వైరు మూడడుగులే ఉంది, మంచం మీద నుంచి అందట్లేదు, పీసీ పక్కన చాప వేసుకుని ఆడుతున్నా. పొడుగు డేటా వైరు వాడేవాళ్ళు ఎంత పొడవు దాకా ఇబ్బంది లేదో చెప్పండి.

లావణ్య_జి
నాది మూడు మీటర్లు, రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. అంతకంటే పొడుగు నేను చూడలేదు. మీ చెల్లి వైరు మాత్రం తిరిగి ఇచ్చేయండి, ఆ అమ్మాయి ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది.