పారాఫ్రేజ్‌ల అర్థం మారిందంటున్నరు, ఎక్కడ మారిందో సమజైతలేదు

హన్మకొండ స్కాలర్:
అందరికీ నమస్తే. పొద్దున తొమ్మిదింటికి కూసున్న, ఇప్పుడు రాత్రి పదకొండైంది, ఒక్క పేరా తెగుతలేదు. లిటరేచర్ రివ్యూల బీటీ పత్తి గురించి రాస్తే మా గైడ్ సార్ ఎర్ర పెన్నుతోని గీత కొట్టి పక్కకు "ఇది ఎవరి మాట?" అని రాసి పంపిన్రు. చివరికి పేర్లు, సంవత్సరం అన్నీ పెట్టిన గదా! థీసిస్ ఇంగ్లీషుల ఉంది, ఇక్కడ తెలుగుల పెడుతున్న:

"బీటీ పత్తితో దేశంలోని చిన్న రైతుల ఆదాయం 50 శాతం పెరిగిందని నిరూపణ అయింది. వాళ్ల జీవన ప్రమాణం మెరుగైంది. ఇప్పటికీ వరంగల్ రైతులకు ఇదే మేలైన పంట (కాథాగె, ఖైమ్, 2012)."

ఒక్క వాక్యం కూడా కాపీ కొట్టలే. ఇంకేం మార్చాలె?

చెకింగ్ అన్న:
సిమిలారిటీ ఎంతొచ్చింది చెల్లె? ముందు అది చూడు. 2018 యూజీసీ రూల్స్ ప్రకారం 10 శాతం దాకా పర్వాలేదు, 10 దాటి 40 లోపైతే ఆరు నెలల్ల సరిచేసి మళ్ల ఇయ్యాలె. మాటలు మార్చుకుంట పో, వాక్యాలు విడగొట్టు, నంబర్ దిగుతది.

హన్మకొండ స్కాలర్:
సిమిలారిటీ 6 వచ్చిందన్నా, సమస్య అది కాదు.

కాజీపేట లైబ్రరీ:
అసలు పేపర్ చదివినవా?

హన్మకొండ స్కాలర్:
లేదు సార్, వేరే రివ్యూ ఆర్టికల్‌ల వాళ్ల గురించి ఉంటే దాన్ని చూసి రాసిన. మా దగ్గర అందరు గట్లనే చేస్తరు, అందుకే చెప్పలే.

నర్సంపేట తమ్ముడు:
అక్కా మా బాపుకు నాలుగెకరాల పత్తి ఉంది, గులాబీ పురుగు పట్టి కాయలు లోపల గుల్లయినయ్, విప్పి చూస్తే దూది నల్లగ ముద్దయి ఉంది. మేలైన పంట అని ఎవరు రాసిన్రో వాళ్లను మా చేన్లకు రమ్మను.

రిటైర్డ్ లెక్చరర్:
ఆ మాట వాళ్లు రాయలేదు తమ్మీ, ఈ అమ్మాయి రాసింది, పేరు మాత్రం వాళ్లది పెట్టింది. గైడ్ అడిగింది గదే.

అమ్మా, ఆ పేపర్ నేను చదివిన. వాళ్లు 2002 నుంచి 2008 దాకా నాలుగు రాష్ట్రాల్ల అవే కుటుంబాలను మళ్లమళ్ల అడిగిన్రు, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందుల ఉంది. 50 శాతం అన్నది పత్తి మీద వచ్చిన లాభం, ఇంటి ఆదాయం కాదు. కూలి పైసలు, పాడి, వేరే పంట, ఏవీ అందుల లేవు. ఇంటి సంగతికి వేరే లెక్క ఇచ్చిన్రు: కుటుంబం పెట్టే వినియోగ ఖర్చు 18 శాతం పెరిగిందని, అదీ 2006 నుంచి 2008 వరకే. నువ్వు చూసిన ఆర్టికల్ల లాభం ఆదాయమైందో, నువ్వు మాట మార్చంగ అయిందో నాకు తెల్వదు, కానీ "లాభం" తీసి "ఆదాయం" పెడితే మాట కాదు, కొలిచిన వస్తువే మారుతది.

మూడో వాక్యం పూర్తిగ నీదే. 2008ల ఆగిన డేటాతోని "ఇప్పటికీ" అనరాదు. బ్రాకెట్ చివర పెడితే చదివేటోళ్లు మూడు వాక్యాలూ వాళ్లవే అనుకుంటరు.

స్టాట్స్ సోదరుడు:
మేడం, "నిరూపణ" కూడా తప్పే. అది సర్వే, ప్రయోగం కాదు. "సంబంధం కనిపించింది" అని మెత్తగ రాస్తే సరి.

రిటైర్డ్ లెక్చరర్:
నిరూపణ తీయాలె, నిజమే. కానీ మెత్తగ చేసినా వక్రీకరణే బాబూ. బీటీ *వల్లనే* పెరిగిందని వాళ్లు గట్టిగ అన్నరు. ముందు నుంచే మంచిగ సేద్యం చేసేటోళ్లే బీటీ వేసి ఉంటరేమో అన్న తేడాను లెక్కల్ల సర్దినమని కూడా చెప్పిన్రు. ఆ సర్దుబాటు మీద నీకు అనుమానం ఉంటే అది నీ వాక్యంల రాయి, వాళ్ల నోట్ల పెట్టకు.

నేనైతే ఇట్ల రాస్త:

"2002–2008 సర్వే ఆధారంగా కాథాగె, ఖైమ్ (2012) బీటీ వల్ల చిన్న రైతులకు ఎకరా దిగుబడి 24 శాతం, పత్తి లాభం 50 శాతం పెరిగాయని తేల్చారు. ఆ తర్వాతి కాలానికి, ముఖ్యంగా గులాబీ పురుగు బెడద పెరిగాక, ఈ ఫలితం వర్తిస్తుందా అన్నది వేరుగా చూడాలి."

మొదటి వాక్యం వాళ్లది, రెండోది నీది. పురుగు సంగతికి మాత్రం వేరే సోర్స్ కావాలె, తమ్ముని చేను మాటతోని కాదు.

స్టాట్స్ సోదరుడు:
"తేల్చారు" అంటే నేను ఒప్పుకున్నట్టే గదా మేడం. "వాదించారు" అనొచ్చు.

చెకింగ్ అన్న:
ఇది పారాఫ్రేజ్ కాదు, సమ్మరీ. రెండిటికీ తేడా ఉంది.

కాజీపేట లైబ్రరీ:
పేరేదైతేంది. ఆ పేపర్ అచ్చయిన పీఎన్‌ఏఎస్ జర్నల్ సైట్ల ఫ్రీగనే దొరుకుతది. దొరకకపోతే చదివిన ఆర్టికల్ పేరే పెట్టు, వాళ్లు చెప్పినట్టుగ అని రాయి.

స్టాట్స్ సోదరుడు:
నా "వాదించారు" సంగతి ఎవరూ చెప్పలే.

హన్మకొండ స్కాలర్:
పేపర్ దొరికింది, టేబుల్ చూసిన, నిజంగనే పత్తి లాభమే ఉంది. ఆ రివ్యూ ఆర్టికల్ చూసే ఇంకా ఏడు పేపర్ల గురించి రాసిన, అవన్నీ మళ్ల తీయాలె. థాంక్స్ మేడం, సార్.