ఏడాది ఫీజు జనవరిలోనే వస్తే అది ఏ సంవత్సరం ఆదాయం?

ద్వారకానగర్ ట్యూషన్: సొంత ట్యూషన్ సెంటరు నడుపుతున్నాను, కంపెనీ కాదు. జనవరి నుంచి డిసెంబరు వరకు చెప్పే క్లాసులకు 40 మంది తలా 24,000 జనవరి 1నే కట్టారు. మొత్తం 9,60,000. మార్చి 31 నాటికి ఆదాయం 2,40,000 మాత్రమే అంటున్నారు మా ఆడిటరు. తిరిగి ఇవ్వని ఫీజు కదా, మిగతా 7,20,000 నాది కాదా?

గాజువాక హార్డ్‌వేర్: చేతికొచ్చిన డబ్బే ఆదాయం. డబ్బు ఎప్పుడొచ్చినా, సంపాదించిన కాలంలోనే ఆదాయం రాసే మర్కంటైల్ పద్ధతి కంపెనీలకే తప్పనిసరి. మొత్తం చూపించేసి నిశ్చింతగా ఉండండి.

పాత పద్దులు: మొదటి మాట సగమే నిజం. ఆదాయపు పన్ను లెక్కకు సొంత వ్యాపారి నగదు పద్ధతినైనా, మర్కంటైల్ పద్ధతినైనా ఎంచుకోవచ్చు. అయితే ఎంచుకున్నదాన్ని ఏటా పాటించాలి. ఫీజుకు ఒకటి, ఖర్చులకు ఇంకొకటి కుదరదు.

ఇక ఆడిటరు చెప్పింది మర్కంటైల్ లెక్క. నెలకు ఒక్కొక్కరికి 2,000, అంటే నెలకు 80,000. మూడు నెలలు చెప్పారు కాబట్టి 2,40,000. మిగతా తొమ్మిది నెలల పాఠం మీరింకా బాకీ. ఆ 7,20,000 బ్యాలెన్స్ షీట్‌లో అప్పు వైపున ‘ముందుగా అందిన ఫీజు’గా ఉంటుంది, ఏప్రిల్ నుంచి నెలకు 80,000 చొప్పున ఆదాయంలోకి వస్తుంది. బోధన సాగే కాలం పొడవునా ఫీజును ఆదాయంగా చూపాలని ఏఎస్-9 అనే అకౌంటింగ్ ప్రమాణం కూడా చెబుతోంది. తిరిగి ఇవ్వకపోవడం డబ్బు మీ దగ్గర నిలవడానికి సంబంధించినది, సంపాదించడానికి కాదు.

మొత్తం మార్చిలోపే చూపితే ఏమవుతుందో మీ పుస్తకాల్లోనే కనిపిస్తుంది. మార్చికి లాభం ఉబ్బిపోతుంది. ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా మాస్టార్ల జీతాలు, అద్దె వెళ్తూనే ఉంటాయి, ఎదురుగా ఆ ఫీజు పద్దు ఖాళీ.

పోర్టు ఏజెంటు: నాది తిరగబడిన కథ. మార్చిలో బిల్లు వేస్తే సొమ్ము జూన్‌లో వచ్చింది. నాది నగదు పద్ధతి. పార్టీ మాత్రం నా బిల్లులో ముందే కోసిన పన్నును, అంటే టీడీఎస్‌ను, మార్చిలోనే నా పన్నుల పట్టిక 26AS లోకి ఎక్కించేశారు!

పాత పద్దులు: ఆదాయం ఏ సంవత్సరంలో చూపుతారో ఆ టీడీఎస్ క్రెడిట్ కూడా ఆ సంవత్సరంలోనే వాడుకోవాలి. ఈసారి రిటర్నులో దాన్ని వచ్చే ఏడాదికి బదిలీ చేయండి. లేకపోతే పన్ను మాత్రమే కనిపించి ఆదాయం కనిపించదు, నోటీసు రావచ్చు.

ద్వారకానగర్ ట్యూషన్: సరే, జీఎస్టీ కూడా 2,40,000 మీదే కదా?

పాత పద్దులు: కాదు, అక్కడ జాగ్రత్త! మీరు జీఎస్టీలో నమోదై ఉంటే, సేవకు అడ్వాన్సు అందిన రోజే దాని మీద పన్ను బాధ్యత పుడుతుంది. కాబట్టి ఆదాయం పుస్తకంలో 2,40,000 ఉన్నా, జనవరి జీఎస్టీ లెక్కలోకి మొత్తం ఫీజు వస్తుంది. రెండు అంకెలు కలవడం లేదని కంగారు పడకండి, ఆ తేడాకు ఒక కాగితం రాసి పెట్టుకోండి.

గాజువాక హార్డ్‌వేర్: మరి ప్రవేశ రుసుము 3,000 తీసుకుంటే? ఫారం, పుస్తకాలు ఇచ్చేశారు కదా, ఆ రోజే ఆదాయం.

పాత పద్దులు: పుస్తకాల విలువ వరకు ఒప్పుకుంటాను. మిగిలింది ఏడాది పాఠానికే చెందుతుందని నా అభిప్రాయం.

గాజువాక హార్డ్‌వేర్: నేను ఒప్పుకోను. మా ఆడిటరు ఒప్పుకున్నారు.