ఐస్‌క్రీమ్ అమ్మకాలు, ఎండకు కమలడం: ఇది "కాకతాళీయం" అవుతుందా?

హైమవతి, పెరంబూరు: సభ్యులకు నమస్కారం. హైస్కూలు పిల్లల కోసం గణాంక శాస్త్రం మీద ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో ఇంగ్లీషు పుస్తకాల్లో తరచూ వచ్చే ఉదాహరణ ఒకటి ఉంది. ఐస్‌క్రీమ్ బాగా అమ్ముడయ్యే నెలల్లోనే ఎండకు చర్మం కమిలేవాళ్లూ పెరుగుతారు. అలాగని ఐస్‌క్రీమ్ తింటే చర్మం కమలదు కదా. ఈ రెండూ కలిసి పెరగడాన్ని "కాకతాళీయం" అని రాశాను. సరిపోతుందా?

రంగారావు, మాంబళం: ఐస్‌క్రీమ్ చలవ చేస్తుందనుకుంటారు గానీ దాంతో దాహం తీరదమ్మా. కత్తిరి ఎండల్లో దాన్ని నమ్ముకుని తిరిగితే వడదెబ్బ తగులుతుంది. అంటే సంబంధం ఉన్నట్టే. మజ్జిగ తాగమని రాయండి.

హైమవతి: వడదెబ్బ కాదండీ రంగారావు గారూ. చర్మం ఎర్రబడి మంట పుట్టి, రెండు రోజులకు పొర లేచిపోతుందే, అది.

నరసింహం, తిరువాన్మియూరు: హైమవతి గారూ, ఆ మాట తీసేయండి. కాకి వచ్చి వాలడం, అదే క్షణంలో తాటిపండు రాలడం ఒక్కసారి జరిగిన ముచ్చట. రేపు కాకి మళ్లీ వాలితే పండు రాలుతుందని ఎవరూ పందెం కాయరు. ఐస్‌క్రీమ్ సంగతి అలా కాదు. ఏటా వేసవిలో ఆ రెండూ కలిసే పెరుగుతాయి. అమ్మకాల లెక్క చేతికిస్తే, ఏ నెలలో ఎక్కువమంది కమిలి ఉంటారో చూడకుండానే దాదాపుగా చెప్పవచ్చు. అంత నిలకడగా ఉన్నదాన్ని యాదృచ్ఛికం అనకూడదు. "సహసంబంధం" అనండి. దాన్ని బట్టి ఊహించవచ్చు. కానీ ఒకదాన్ని ఆపితే రెండోది ఆగదు. మే నెలంతా ఊళ్లో ఐస్‌క్రీమ్ బళ్లన్నీ మూయించినా చర్మం కమిలేవాళ్లు ఒక్కరూ తగ్గరు.

కిరణ్, వేళచేరి: మాస్టారు చెప్పింది నిజం. రెంటికీ వేడే కారణం. అయితే కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని తేలిపోయింది కాబట్టి, లెక్కలు చూసి దేనికీ కారణం చెప్పలేమని కూడా రాసేయవచ్చు.

నరసింహం: కిరణ్, సగం సరిగ్గా పట్టుకున్నావు. ముందు ఆ "వేడి" అన్న మాట దగ్గర ఆగుదాం. చర్మాన్ని కమిలించేది వేడి కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు. ఐస్‌క్రీమ్ వైపు నడిపించేది వేడి. రెండూ సూర్యుడి నుంచే వస్తాయి గానీ ఎప్పుడూ జోడుగానే ఉండవు. మన బీచ్‌లోనే చూడు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే ఒళ్లు చల్లబడుతుంది, ఐస్‌క్రీమ్ మీదికి మనసు పోదు. నెత్తిమీద ఎండ మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. హాయిగా ఉందని ఇసుకలో కూర్చున్నవాళ్లకు మంట తెలిసేది కొన్ని గంటల తర్వాత, ఇంటికి వెళ్లి స్నానం చేసేటప్పుడే. ఊటీ ఇంకా మంచి ఉదాహరణ. రెండు వేల మీటర్లకు పైన ఉన్న ఊరు. అంత ఎత్తులో గాలి చల్లగా ఉన్నా ఆ కిరణాలు కింది ఊళ్లకంటే ఎక్కువ. స్వెటరు వేసుకుని తిరిగినవాళ్ల ముక్కూ బుగ్గలూ కమిలిపోతాయి. అక్కడ ఐస్‌క్రీమ్ లేకుండానే కమలడం ఉంది. జోడు విడిపోయే ఇలాంటి చోటు వెతికితే అసలు కారణం ఏదో బయటపడుతుంది.

హైమవతి: చాలా బాగుంది. కానీ పిల్లలను ఊటీ తీసుకెళ్లలేం కదా మాస్టారూ. కాగితం మీద చూపించే దారి ఉందా?

నరసింహం: ఉంది. ఊహించిన అంకెలతోనే చేయిద్దాం. రెండు వందల మందిని తీసుకోండి. అందులో వంద మంది మిట్టమధ్యాహ్నం బీచ్‌లో ఉన్నారు, వంద మంది ఇంట్లో ఉన్నారు. బీచ్ వాళ్లలో 60 మంది ఐస్‌క్రీమ్ తిన్నారు, 40 మంది తినలేదు. తిన్నా తినకపోయినా అక్కడ సగం మంది కమిలారు. అంటే తిన్నవాళ్లలో 30, తిననివాళ్లలో 20. ఇంట్లో ఉన్నవాళ్లలో 20 మంది తిన్నారు, 80 మంది తినలేదు. ఏదో పని మీద కాసేపు బయటికి వెళ్లి కమిలినవాళ్లు ఇరవైలో ఒకరు. అంటే తిన్నవాళ్లలో 1, తిననివాళ్లలో 4.

ఇప్పుడు బీచ్, ఇల్లు అనే తేడా చెరిపేసి కలిపి చూడండి. తిన్న 80 మందిలో 31 మంది కమిలారు. తినని 120 మందిలో 24 మందే. నూటికి 39 ఒకవైపు, నూటికి 20 ఒకవైపు! ఐస్‌క్రీమ్ తింటే ముప్పు దాదాపు రెట్టింపని పత్రికలో శీర్షిక పెట్టేంత తేడా కనిపిస్తుంది. విడదీసి చూస్తే బీచ్‌లో తేడా సున్న, ఇంట్లోనూ సున్న. తిన్నవాళ్లలో ఎక్కువమంది బీచ్‌లో ఉన్నారు, అంతే. పిల్లల చేతనే ముందు కలిపించండి, తర్వాత విడదీయించండి. వరస మార్చవద్దు, ఆ ఆశ్చర్యం వాళ్లకు దక్కాలి.

కిరణ్: ఇది అర్థమైంది. కానీ ఎండ అని మనకు ముందే తెలుసు కాబట్టి విడదీశాం. తెలియనిది ఇంకొకటి దాగి ఉంటే?

నరసింహం: అసలు కష్టం అదే. 1950లో బ్రిటన్‌లో డాల్, హిల్ అనే ఇద్దరు పొగ తాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం చూపించారు. గణాంక శాస్త్రానికి పునాదులు వేసిన ఫిషర్ ఒప్పుకోలేదు. పొగ తాగాలనే కోరికకూ, క్యాన్సర్‌కూ కూడా పుట్టుకతో వచ్చిన జన్యువేదో కారణం కావచ్చు కదా అన్నాడు. అడగవలసిన ప్రశ్నే అది. కానీ ఎక్కువ తాగినవాళ్లకు ముప్పు ఎక్కువ, మానేసినవాళ్లకు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గింది. పొగ మానితే జన్యువు మారదు కదా. కాబట్టి లెక్కలు చూసి కారణం చెప్పలేమన్న వాక్యం రాయకండి. ఊరికే చెప్పలేం, ఇలా గుచ్చి గుచ్చి అడిగితే చెప్పగలం.

సరోజ, అంబత్తూరు: మా మనవరాలికి ఐస్‌క్రీమ్ తిన్న ప్రతిసారీ జలుబు చేస్తుంది. మీరేమో కారణం కాదంటున్నారు. కళ్లతో చూస్తున్నదాన్ని కాదనుకోమంటారా?

నరసింహం: సరోజమ్మగారూ, నేను అన్నది చర్మం కమలడం గురించి. జలుబు సంగతి ఇక్కడ కూర్చుని ఔననీ కాదనీ అనలేను. ఒక పని చేయండి. క్యాలెండర్ మీద తిన్న రోజులూ, జలుబు చేసిన రోజులూ రెండూ రాయండి. తిన్నా జలుబు చేయని రోజులు, తినకుండానే చేసిన రోజులు మనసులో నిలవవు. అవే ముఖ్యం.

సరోజ: రాస్తాను. కానీ అది తెలిసేదాకా ఐస్‌క్రీమ్ మాత్రం ఇవ్వను.

భానుమతి, మైలాపూరు: ఇంతసేపూ మాస్టారు చెప్పిన దాగిన కారణానికి మన తర్కశాస్త్రంలో పేరుంది, "ఉపాధి". నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడం కుదరదు, ఎర్రగా కాలిన ఇనుప గుండుకు నిప్పుందిగానీ పొగ లేదు. పొగ రావడానికి తడి కట్టె తోడు కావాలి. ఆ తడి కట్టె ఉపాధి. హైమవతి గారూ, ఇలాంటి కారణానికి ఇంగ్లీషులో వాడే మాటకు కొత్త అనువాదం కట్టడం దేనికి? ఇదే వాడండి.

హైమవతి: మాట ఎంతో బాగుంది. కానీ ఉపాధి అనగానే పిల్లలు ఉద్యోగం అనుకుంటారు, ఉపాధి హామీ పథకం గుర్తొస్తుంది.

భానుమతి: వాడితే కదా అలవాటయ్యేది.

నరసింహం: నాకు ఇంకో సందేహం. తడి కట్టె పొగకు తోడ్పడుతుంది గానీ నిప్పును పుట్టించదు. ఎండ అలా కాదు, ఒకవైపు ఐస్‌క్రీమ్ అమ్మిస్తుంది, ఒకవైపు చర్మం కమిలిస్తుంది. రెండూ ఒకటేనా?

భానుమతి: నిప్పున్నా తడి కట్టె లేని చోటు ఉంది, కాబట్టే అది ఉపాధి. ఐస్‌క్రీమ్ ఉన్నా ఎండ లేని చోటు మీ లెక్కలోనే ఉంది, ఇంట్లో తిన్న ఆ ఇరవై మంది. ఇంతవరకు సరిపోతుంది. మీరన్న తేడా గురించి పుస్తకం తీసి చూసి రేపు రాస్తాను.

హైమవతి: ప్రస్తుతానికి "ఉమ్మడి కారణం" అని రాసి పంపుతున్నాను. "కాకతాళీయం" కొట్టేశాను.