44వ సవరణ తర్వాత మళ్లీ 1975 సాధ్యమా?

చిగురు
1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ వచ్చాక ఎమర్జెన్సీని దుర్వినియోగం చేయడం ఇక కుదరదని మా అధ్యాపకుడు చెప్పారు. జీవించే హక్కును, వ్యక్తి స్వేచ్ఛను ఎవరూ నిలిపివేయలేరట. నిజంగా తలుపు మూసుకుపోయిందా, ఏదైనా సందు మిగిలిందా?

మేడిచెట్టు
మూసుకుపోయింది. 1975లో ‘ఆంతరంగిక కల్లోలం’ అన్న రెండు మాటలు చూపి ఎమర్జెన్సీ పెట్టారు. కల్లోలం అంటే ఏదైనా కావచ్చు, సమ్మె కావచ్చు, ఊరేగింపు కావచ్చు. ఇప్పుడు 352వ అధికరణలో ఆ మాటలు లేవు. యుద్ధం, విదేశీ దురాక్రమణ, సాయుధ తిరుగుబాటు మాత్రమే ఉన్నాయి. ఆనాడు రాష్ట్రపతి జూన్ 25 రాత్రి సంతకం చేశారు. కేబినెట్‌కు తెలిసింది మరునాడు ఉదయం ఆరు గంటలకు. ఇప్పుడు కేబినెట్ నిర్ణయం కాగితం మీద అందితే తప్ప రాష్ట్రపతి ప్రకటన చేయకూడదు. ఇక 359వ అధికరణ కింద ఏ హక్కును పక్కన పెట్టినా నేరారోపణల విషయంలో రక్షణనిచ్చే 20, జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛ ఉన్న 21 అధికరణలను ముట్టుకోకూడదు. ఎమర్జెన్సీలో వాక్ స్వాతంత్ర్యం లాంటి స్వేచ్ఛలిచ్చే 19వ అధికరణ దానంతట అదే ఆగిపోతుంది, నిజమే. కానీ 21 ఉన్నంతకాలం అక్రమంగా పట్టుకెళ్లినవాణ్ణి మరునాడే, మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ వేసి విడిపించుకోవచ్చు.

పాత ఉత్తరం
‘మరునాడే’ అన్న మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. మా నాన్నగారు బడిపంతులు. 1975 జులైలో తెల్లవారుజామున వచ్చి తీసుకెళ్లారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా చేతికి వచ్చింది ఒక్క కాగితం. అందులో ఆయన పేరు, తండ్రి పేరు, శాంతిభద్రతలకు భంగం కలిగించకుండా ఆపడానికి నిర్బంధిస్తున్నామన్న ఒక వాక్యం, కింద సంతకం. ఏం చేశారో లేదు. ఎప్పుడు చేశారో లేదు. అమ్మ అడిగితే, కారణాలు చెప్పాల్సిన పని లేదని ఆఫీసులో అన్నారట. హైకోర్టులో పిటిషన్ వేద్దామని వకీలుగారు ధైర్యం చెప్పారు, వేశారు కూడా. 1976 ఏప్రిల్ చివర్లో ఒకరోజు ఆయనే మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. ‘ఇక కోర్టు తలుపు లేదమ్మా’ అని మాత్రం అన్నారు. నాన్నగారు 1977 మొదట్లో ఇంటికి వచ్చారు. ఇప్పటికీ నాకు అర్థంకానిది ఒకటే. కారణం రాయని కాగితాన్ని కోర్టు ఎందుకు ప్రశ్నించలేకపోయింది?

నల్లకోటు
అమ్మా, మీ ప్రశ్నతోనే మొదలుపెడతాను. చిగురుగారి సందేహానికి జవాబు కూడా అందులోనే ఉంది.

1975 జూన్ 27న రాష్ట్రపతి 359వ అధికరణ కింద ఒక ఉత్తర్వు ఇచ్చారు. 14, 21, 22 అధికరణల అమలు కోసం ఎవరూ కోర్టుకు వెళ్లకూడదని దాని సారాంశం. హక్కు ఉన్నట్టే ఉంటుంది, అడిగే దారి ఉండదు. దానికి తోడు, విచారణ లేకుండా నిర్బంధించడానికి వాడిన మీసా చట్టంలో 16ఎ సెక్షన్ చేర్చారు. దాంతో నిర్బంధానికి కారణాలు నిర్బంధితుడికి చెప్పనక్కర్లేదు. మీ అమ్మగారికి ఆఫీసులో చెప్పిన మాట దీన్నుంచి వచ్చిందే.

అయినా తొమ్మిది హైకోర్టులు లొంగలేదు. హక్కు సంగతి సరే, నిర్బంధం ఆ చట్టం ప్రకారమే జరిగిందా లేదా అని చూసే అధికారం మాకుందని అన్నాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే జబల్‌పూర్ అదనపు జిల్లా మేజిస్ట్రేట్ కేసు. వాదనల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ప్రభుత్వం తరఫున వాదిస్తున్న అటార్నీ జనరల్‌ను సూటిగా అడిగారు: 21లో స్వేచ్ఛ ఒక్కటే కాదు, ప్రాణం కూడా ఉంది కదా, ఒక పోలీసు అధికారి సొంత కక్షతో ఒకరిని చంపితే పరిస్థితి ఏమిటి? ఎమర్జెన్సీ ఉన్నంతకాలం తన వాదన ప్రకారం దానికీ ఉపశమనం లేదని అటార్నీ జనరల్ ఒప్పుకున్నారు. 1976 ఏప్రిల్ 28న నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వం వైపు నిలిచారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. మరుసటి ఏడాది సీనియారిటీ ప్రకారం ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు రావాలి. ఇవ్వలేదు. ఆయన రాజీనామా చేశారు.

మేడిచెట్టుగారూ, మీరు చెప్పినదాంట్లో చాలావరకు సరైనదే. రెండు దిద్దుబాట్లు మాత్రం అవసరం. ఒకటి, 19వ అధికరణ దానంతట అది ఆగేది యుద్ధం లేదా విదేశీ దురాక్రమణ కారణంగా ఎమర్జెన్సీ పెట్టినప్పుడే. సాయుధ తిరుగుబాటు కారణమైతే దానికి వేరే ఉత్తర్వు కావాలి. రెండోది ముఖ్యమైనది. 21 నిలిచే ఉంటుంది, కానీ 22 పోవచ్చు. ముందస్తు నిర్బంధంలో ఉన్న మనిషికి కారణాలు చెప్పాలన్నది, నిర్బంధం సరైనదేనా అని చూసే సలహా మండలి ముందు పెట్టకుండా మూడు నెలలకు మించి ఉంచకూడదన్నది 22లోనే ఉన్నాయి. సందు అక్కడుంది.

దారి దీపం
మీరంతా 1975 గురించే మాట్లాడుతున్నారు. 2020 లాక్‌డౌన్‌లో మనందరి హక్కులూ నిలిచిపోలేదా? గడప దాటనివ్వలేదు. ఆ ఎమర్జెన్సీని పార్లమెంటు ఎప్పుడు ఆమోదించింది?

నల్లకోటు
అది 352 కింద ప్రకటించిన ఎమర్జెన్సీ కాదండీ. దేశంలో అలాంటివి మూడే వచ్చాయి: 1962, 1971, 1975. లాక్‌డౌన్‌కు ఆధారం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. హక్కుల మీద ఆంక్షలు పడ్డాయి, కానీ కోర్టుకు వెళ్లే దారిని ఏ ఉత్తర్వూ మూయలేదు. మీ అసంతృప్తి న్యాయమైనదే కావచ్చు, మనం మాట్లాడుకుంటున్న తాళం మాత్రం వేరు.

తూనిక
నాది వేరే అభిప్రాయం. 1962లో చైనా సైన్యం సరిహద్దు దాటినప్పుడు ఎమర్జెన్సీ పెట్టారు. అది తప్పని ఎవరంటారు? నిజంగా సాయుధ తిరుగుబాటు వచ్చి, దళాలు జిల్లా కేంద్రాలను పట్టుకుంటున్నప్పుడు, ప్రతి నిర్బంధితుడికీ కారణాలు రాసివ్వమంటే సమాచారం ఇచ్చినవాడి ప్రాణం పోతుంది. 22ను నిలిపివేసే వీలు ఉండాల్సిందే.

నల్లకోటు
సమాచారం ఇచ్చినవాడి పేరు చెప్పమని ఎవరూ అడగడం లేదు. బయటపెడితే ప్రజాహితానికి భంగమనుకునే వాస్తవాలను దాచుకోవచ్చని 22లోనే ఆరో క్లాజు చెబుతుంది. మామూలు రోజుల్లోనే ఉన్న వెసులుబాటు అది. వాస్తవాలు దాచడం వేరు, కారణమే లేకపోవడం వేరు.

మీకు తెలియని ఇంకో విషయం చెబుతాను, నాకు ఎప్పుడు గుర్తొచ్చినా బాధ కలుగుతుంది. 44వ సవరణ 22ను కూడా బలపరిచింది. సలహా మండలి లేకుండా ఉంచే గడువును మూడు నెలల నుంచి రెండుకు తగ్గించింది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసుతోనే మండలి ఏర్పడాలంది. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం అయింది. కానీ సవరణలోని ఏ భాగం ఎప్పుడు అమలులోకి రావాలో ప్రకటించే పని ప్రభుత్వానికి వదిలేశారు. నాలుగు దశాబ్దాలు దాటినా ఏ ప్రభుత్వమూ ఈ ఒక్క భాగానికి తేదీ ప్రకటించలేదు. ఏ పార్టీ అని అడగకండి, అందరూ.

చిగురు
అయితే అసలు రక్షణ పార్లమెంటేనా? నెలలోగా ఆమోదం పొందాలి కదా.

మేడిచెట్టు
అవును, అది గట్టి కంచె. ఉభయ సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు కావాలి. ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదం. పైగా లోక్‌సభలో పదో వంతు సభ్యులు సంతకం చేసి నోటీసిస్తే 14 రోజుల్లోగా ప్రత్యేక సమావేశం పెట్టి, రద్దు తీర్మానాన్ని మామూలు మెజారిటీతోనే నెగ్గించవచ్చు.

నల్లకోటు
ఇప్పుడు లెక్క వేసి చూడండి. 543 మంది ఉన్న లోక్‌సభలో ప్రభుత్వానికి 300 మంది ఉన్నారనుకుందాం. ప్రతిపక్షం 243 మందీ వస్తే మూడింట రెండొంతులంటే 362 కావాలి. ప్రకటన వీగిపోతుంది. అదే ప్రతిపక్షంలో వంద మంది జైల్లో ఉంటే? హాజరైనవారు 443. రెండొంతులకు 296 చాలు. సగానికి మించాలన్న 272 ఎలాగూ ఉంది. ప్రకటన నెగ్గుతుంది. ఇది ఊహకు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. 1975 జులైలో పార్లమెంటు ఆమోదించిన నాటికి ప్రతిపక్ష ప్రముఖులు చాలామంది జైళ్లలోనే ఉన్నారు. ముందస్తు నిర్బంధం నుంచి సభ్యులకు పార్లమెంటరీ రక్షణ లేదు. అందుకే పార్లమెంటు కంచెకూ ఆధారం మళ్లీ కోర్టే. ఆ వంద మందిని బయటికి తీసుకురాగలిగితేనే ఆ ఓటుకు విలువ.

తూనిక
కానీ 21 ఉంది కదా. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం జబల్‌పూర్ తీర్పును పూర్తిగా కొట్టేసింది. మీరు అనవసరంగా భయపెడుతున్నారు.

నల్లకోటు
కొట్టేసింది, నేను ఆనందించాను. ఆనాటి నలుగురిలో ఒకరి కుమారుడే ఆ తీర్పులోని ప్రధాన అభిప్రాయాన్ని రాశారు. అయితే తీర్పు ఒకటి, రాజ్యాంగంలోని అక్షరం ఇంకొకటి. 1988లో పంజాబ్ కోసం 59వ సవరణ తెచ్చారు. ‘ఆంతరంగిక కల్లోలం’ అన్న మాటలు ఆ రాష్ట్రానికి తిరిగొచ్చాయి. 359కి ఉన్న మినహాయింపులోంచి 21ను అక్కడ తీసేశారు. అంటే 44వ సవరణ వచ్చి పదేళ్లు గడవగానే పార్లమెంటే ఆ తాళం తీసింది. దాన్ని వాడలేదు, 1990 జనవరిలో 63వ సవరణతో రద్దయింది. మళ్లీ అలాంటి సవరణ వస్తే రాజ్యాంగ మౌలిక స్వరూపానికి విరుద్ధమని సుప్రీంకోర్టు కొట్టేస్తుందని నా నమ్మకం. నమ్మకమే సుమా.

చిగురు
ఒక్క సందేహం. 22 ఆగిపోయి 21 మాత్రం మిగిలితే, ‘నన్నెందుకు పట్టుకున్నారు’ అని కోర్టులో అడగవచ్చా?

తూనిక
అడగలేం. నిర్బంధితుడికి కారణాలు చెప్పమని ప్రత్యేకంగా రాసింది 22లో. దాన్నే నిలిపివేశాక 21 పేరుతో వెనుక దారిన తెచ్చుకుంటే 359కి అర్థమేముంటుంది?

నల్లకోటు
అడగవచ్చనే నా వాదన. 21 అడిగేది చట్టం నిర్దేశించిన పద్ధతి. మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ పద్ధతి న్యాయంగా ఉండాలి. పైగా ఇప్పుడు ముందస్తు నిర్బంధానికి వాడే జాతీయ భద్రతా చట్టంలోనే కారణాలు సాధారణంగా ఐదు రోజుల్లో చెప్పాలని ఉంది. ఆ సెక్షన్‌ను మార్చనంతవరకు 22 ఆగినా అది నిలుస్తుంది. మార్చితే ఏమవుతుందన్నది ఏ కోర్టూ ఇంకా తేల్చలేదు. మీ వాదనకూ బలం ఉంది తూనికగారూ, అందుకే నాకు దిగులు.

అమ్మా, ఆ కాగితం మీ దగ్గర ఉందా? అందులో నాన్నగారి పేరు టైపు చేశారా, చేత్తో రాశారా?

పాత ఉత్తరం
ఉంది. ఇప్పుడే తీసి చూశాను. మిగతాదంతా సైక్లోస్టైల్ అక్షరాలు. పేరు, తండ్రి పేరు, ఊరు ఉన్నచోట చుక్కల గీతలు, వాటి మీద నీలి సిరాతో రాశారు. సంతకం వేరే సిరా, నల్లది.

నల్లకోటు
అయితే ముందే ముద్రించి పెట్టుకున్న ఫారం. సంతకం ముందు పడిందో, పేరు ముందు పడిందో. అధికారి ఆ మనిషి సంగతి మనసుపెట్టి పరిశీలించాడా అని జడ్జి మొదట చూసేది దాన్నే. మీ వకీలుగారు ఆ రెండు సిరాలను చూపించాలనుకునే ఉంటారు. 1976 ఏప్రిల్ తర్వాత ఆయన చూపించడానికి ఎదురుగా జడ్జి లేడు.

తూనిక
ఆ కాగితం విషయంలో మీతో ఏకీభవిస్తాను. 22 విషయంలో కాదు. కారణాల సెక్షన్‌ను మార్చిన చట్టం వస్తే 21 నిలబడుతుందని మీకు ఏ తీర్పు భరోసా ఇస్తోంది?

నల్లకోటు
తీర్పు లేదు. ఖన్నా రాసిన అసమ్మతి ఉంది.